ఫిషింగ్ నోటీసు: ముందు పని, తర్వాత కథ

ఆఫీసుల్లో ఫిషింగ్ మెయిళ్ల గురించి సిబ్బందికి వెళ్లే నోటీసులు చాలావరకు ఒకే మూసలో ఉంటాయి. మచ్చుకు ఒకటి:

“సబ్జెక్ట్: అత్యవసరం!! సైబర్ భద్రతా సూచనలు – అందరూ తప్పక చదవవలెను

ఇందుమూలముగా సిబ్బంది అందరికీ తెలియజేయునది ఏమనగా, ఇటీవలి కాలంలో సైబర్ నేరాలు విపరీతంగా పెరిగిపోతున్నాయి. నేరగాళ్లు ఫిషింగ్ అనే అత్యంత ప్రమాదకరమైన పద్ధతి ద్వారా సంస్థల కంప్యూటర్ వ్యవస్థలను సర్వనాశనం చేస్తున్నారు. మన సిబ్బందికి కూడా ఇటువంటి మెయిళ్లు వస్తున్నట్లు యాజమాన్యం దృష్టికి వచ్చినది. కావున అందరూ అప్రమత్తంగా ఉండవలెను. అనుమానాస్పద మెయిళ్లను తెరవరాదు. ఒక్క క్లిక్‌తో సంస్థకు కోలుకోలేని నష్టం వాటిల్లగలదు. నిర్లక్ష్యం వహించిన వారిపై కఠిన క్రమశిక్షణా చర్యలు తీసుకొనబడును. సందేహాలున్న యెడల ఐటీ విభాగమును సంప్రదించగలరు. పూర్తి వివరాలకు జతపరచిన పీడీఎఫ్ చూడగలరు.”

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా ఇది పనికిరాని నోటీసు. పొద్దున్నే ‘జీతం సవరణ పత్రం’ అన్న మెయిల్ చూసి, ఆత్రంగా లింకు నొక్కి, అడిగిన పాస్‌వర్డ్ ఇచ్చేసిన గుమాస్తా పదకొండు గంటలకు ఈ నోటీసు చదివాడనుకుందాం. తనకు వచ్చింది ఆ మెయిలేనో కాదో ఇందులో లేదు. ఇప్పుడేం చేయాలో లేదు. ఎవరికి ఫోన్ చేయాలో లేదు. అతనికి స్పష్టంగా అర్థమయ్యేది ఒక్కటే: బయటపడితే ఉద్యోగానికి ముప్పు. కాబట్టి మెయిల్‌ను డిలీట్ చేసి, ఎవరితోనూ అనకుండా పనిలో పడతాడు.

ఈ నోటీసును తిరగరాయాలంటే ముందు అది ఎవరి కోసమో తేల్చుకోవాలి. క్లిక్ చేయకుండా అందరినీ ఆపడమే నోటీసు పని అని చాలామంది అనుకుంటారు. లెక్కలు అలా చెప్పడం లేదు. అమెరికాకు చెందిన వెరైజన్ సంస్థ ఏటా వెలువరించే డేటా చోరీల నివేదికలో 2024లో ఒక కొలత ఇచ్చారు. ఫిషింగ్ మెయిల్ తెరిచాక లింకు నొక్కడానికి పట్టే మధ్యస్థ సమయం 21 సెకన్లు. ఆ తర్వాత వివరాలు టైపు చేసి ఇచ్చేయడానికి మరో 28 సెకన్లు. అంటే నిమిషం తిరక్కుండానే అంతా అయిపోతోంది. ఐటీ విభాగానికి విషయం తెలిసి, నోటీసు రాసి, పైఅధికారికి చూపించి పంపేసరికి ఎంత తొందరపడినా అరగంట దాటుతుంది. నొక్కేవాళ్లు అప్పటికే నొక్కేసి ఉంటారు.

కాబట్టి నోటీసుకు అసలైన పాఠకుడు నొక్కబోయేవాడు కాదు, నొక్కేసినవాడు. అతన్ని ఫోన్ దగ్గరికి తీసుకురావడమే నోటీసు పని. అది అంత తేలిక కాదని కూడా అదే నివేదిక చెబుతోంది. సంస్థలు నడిపే ఉత్తుత్తి ఫిషింగ్ పరీక్షల్లో, లింకు నొక్కినవాళ్లలో ఆ మెయిల్ గురించి ఫిర్యాదు కూడా చేసినవాళ్లు 11 శాతమే.

ఫోన్ రాకపోతే ఏమవుతుందో చూడడానికి హైదరాబాద్ దాటి వెళ్లనక్కర్లేదు. 2022 జనవరిలో ఏపీ మహేశ్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుంచి దొంగలు 12 కోట్ల రూపాయలకు పైగా కాజేశారు. బ్యాంకు ఉద్యోగులకు 2021 నవంబరులో సుమారు 200 ఫిషింగ్ మెయిళ్లు వచ్చాయనీ, వాటికి ఇద్దరు చిక్కారనీ, దాంతో దూరం నుంచే కంప్యూటర్‌ను నడిపించే దొంగ ప్రోగ్రాం లోపలికి చేరిందనీ పోలీసుల దర్యాప్తులో తేలింది. బ్యాంకు నెట్‌వర్క్ రక్షణలోని లోపాలు ఆ తర్వాతి పనిని దొంగలకు సులువు చేశాయి. ఇక్కడ గమనించాల్సింది తేదీలను. మెయిల్ తెరవడానికీ డబ్బు పోవడానికీ మధ్య రెండు నెలలకు పైగా గడువు ఉంది. ఫిషింగ్‌లో క్లిక్‌కు సెకన్లే పట్టినా, అసలు నష్టం జరగడానికి గంటలో రోజులో వారాలో పడుతుంది. నోటీసు రాసేవాళ్ల చేతిలో ఉండేది ఆ వ్యవధే.

ఇప్పుడు అదే నోటీసును మళ్లీ రాద్దాం. నమూనా కోసం ఐటీ డెస్క్ ఎక్స్‌టెన్షన్ 444 అనుకుందాం.

“సబ్జెక్ట్: ‘జీతం సవరణ’ మెయిల్ నొక్కి ఉంటే 444కి ఫోన్ చేయండి

‘జీతం సవరణ పత్రం’ అనే మెయిల్ మీకు వచ్చిందా?

1. ఇంకా దేన్నీ నొక్కలేదు: లింకు నొక్కొద్దు, జవాబు ఇవ్వొద్దు, తోటివాళ్లకు పంపొద్దు. మెయిల్ పైనున్న Report phishing నొక్కండి. మీ పని అయిపోయినట్టే.

2. లింకు నొక్కారు, లేదా పాస్‌వర్డ్ ఇచ్చారు: ఇప్పుడే 444కి ఫోన్ చేయండి. పాస్‌వర్డ్ ఎలా మార్చాలో ఫోన్‌లోనే చెబుతాం.

3. అందులోని ఫైలు తెరిచారు: నెట్‌వర్క్ కేబుల్ పీకేయండి, వైఫై ఆపేయండి. కంప్యూటర్‌ను మాత్రం ఆపొద్దు, రీస్టార్ట్ చేయొద్దు. వేరే ఫోన్ నుంచి 444కి చేయండి.

నొక్కామని చెప్పినందుకు ఎవరిపైనా చర్య ఉండదు.

ఏం జరిగింది: ఈ ఉదయం 9.40 నుంచి ఈ మెయిల్ వస్తోంది. హెచ్‌ఆర్ పేరుతో ఉన్నా హెచ్‌ఆర్ పంపింది కాదు. లింకు నొక్కితే మన లాగిన్ పేజీలాంటిదే ఇంకో పేజీ తెరుచుకుని పాస్‌వర్డ్ అడుగుతుంది. ఎంతమందికి వచ్చిందో చూస్తున్నాం. జీతాల చెల్లింపుపై దీని ప్రభావం ఉన్నట్టు ఇప్పటివరకు కనిపించలేదు. సాయంత్రం 4 గంటలకు మళ్లీ రాస్తాం.”

పాత నోటీసులో కథ ముందు, పని చివర. ఇందులో పని ముందు, కథ చివర. తేడా అంతేనా అనిపించొచ్చు. ఒక్కో వాక్యం వెనకా ఒక కారణం ఉంది.

సబ్జెక్ట్ లైనే సగం నోటీసు. ఫోన్‌లో చూసేవాళ్లకు ఆ లైను కూడా పూర్తిగా కనిపించదు, మధ్యలోనే తెగిపోతుంది. అందుకే ఏ మెయిల్, ఏం చేయాలి అన్న రెండూ అందులోనే సర్దాలి. ‘సైబర్ భద్రతా సూచనలు’ అని పెడితే తీరికగా చదవొచ్చులే అనుకుంటారు. ‘జీతం సవరణ’ అన్న మాట కనిపిస్తే మాత్రం ఆ మెయిల్ వచ్చినవాడు ఉన్నపళంగా తెరుస్తాడు.

తర్వాత, చదివేవాళ్లను మూడు గుంపులుగా విడదీయడం. ‘అప్రమత్తంగా ఉండవలెను’ అన్న వాక్యం చదివి ఎవరూ చేత్తో చేయగలిగింది ఏమీ లేదు. నోటీసులోని ప్రతి క్రియాపదాన్నీ ఇలాగే పరీక్షించవచ్చు: చదివినవాడు కుర్చీలో కూర్చుని ఇప్పుడే చేయగలడా? నొక్కొద్దు, కేబుల్ పీకేయండి, ఫోన్ చేయండి అన్నవి నిలుస్తాయి. జాగ్రత్త వహించండి, గమనించండి, సంప్రదించగలరు అన్నవి నిలవవు. ‘అనుమానాస్పద మెయిళ్లను తెరవరాదు’ అన్నది ఇంకా చిక్కు. అనుమానం కలగకుండా ఉండేలా రాయడమే దొంగ చేసే పని. అనుమానం వచ్చినవాడికి ఆ నోటీసే అక్కర్లేదు.

రెండో అంశంలో పాస్‌వర్డ్ మార్చమని నేరుగా చెప్పకుండా ముందు ఫోన్ చేయమనడం కావాలని చేసిందే. పాస్‌వర్డ్ మార్చగానే దొంగ బయటికి పోతాడన్న హామీ లేదు. అతను అప్పటికే లాగిన్ అయి ఉంటే, ఆ లాగిన్‌ను విడిగా రద్దు చేయాల్సి రావచ్చు. వచ్చిన మెయిళ్లన్నీ తనకు కూడా చేరేలా మెయిల్‌పెట్టెలో గుట్టుగా ఒక ఫార్వర్డ్ రూల్ పెట్టి ఉండొచ్చు. పాస్‌వర్డ్ మారినా ఆ రూల్ అలాగే ఉంటుంది. ఇవి ఉద్యోగి ఒక్కడూ చూసుకోగలిగినవి కావు, అడ్మిన్ చేయాల్సినవి. పైగా కంప్యూటర్లోనే దొంగ ప్రోగ్రాం ఉంటే, అదే కీబోర్డు మీద కొట్టిన కొత్త పాస్‌వర్డ్ కూడా దొంగకే చేరుతుంది. ఈ వివరమంతా నోటీసులో రాస్తే ఎవరూ చదవరు. ఫోన్ చేస్తే డెస్క్‌లో ఉన్న మనిషి ఒక్కొక్కటే చేయిస్తాడు.

మూడో అంశంలో కంప్యూటర్ ఆపొద్దనడం చాలామందికి వింతగా తోస్తుంది. భయపడ్డ మనిషి మొదట చేసే పని స్విచ్ నొక్కేయడమే. అలా చేస్తే మెమరీలో ఉన్న ఆనవాళ్లు చెరిగిపోతాయి, ఏ ప్రోగ్రాం నడిచిందో, ఎవరితో మాట్లాడిందో తర్వాత పట్టుకోవడం కష్టం. నెట్‌వర్క్ నుంచి విడదీస్తే దొంగ చేయి తెగుతుంది, ఆనవాళ్లు మిగులుతాయి. విడదీయడానికి వేరే దారే లేనప్పుడు మాత్రం ఆపేయడమే నయమని అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా తన రాన్సమ్‌వేర్ మార్గదర్శిలో చెబుతోంది. ‘ఆపొద్దు’ అన్న మాట నోటీసులో స్పష్టంగా లేకపోతే పదిమందిలో చాలామంది ఆపేస్తారు.

వద్దన్నదాన్ని కూడా పనుల జాబితాలో ముందే చెప్పకపోతే ఏమవుతుందో చూపే ఉదంతం 2016 మార్చిలో అమెరికాలో జరిగింది. హిల్లరీ క్లింటన్ ఎన్నికల ప్రచార సారథి జాన్ పొడెస్టాకు, ఎవరో మీ పాస్‌వర్డ్ వాడారు, వెంటనే మార్చుకోండి అంటూ గూగుల్ పేరుతో మెయిల్ వచ్చింది. ఆయన సహాయకురాలు దాన్ని ప్రచార బృందం కంప్యూటర్ సహాయకుడికి పంపి అడిగారు. అతని జవాబు నాలుగైదు వాక్యాలు. మొదటి వాక్యం, ఆ మెయిల్ నిజమైనదేనని. రెండోది, పాస్‌వర్డ్ వెంటనే మార్చాలని. గూగుల్ అసలు పేజీ చిరునామా మూడో వాక్యంలో ఉంది. అది తక్షణం జరగాలన్న ఒత్తిడి నాలుగో వాక్యంలో. ఆ మెయిల్లోని బటన్ మాత్రం ముట్టుకోవద్దన్న మాట ఎక్కడా లేదు. చివరికి నొక్కింది ఆ మెయిల్లోని లింకునే. పొడెస్టా మెయిళ్లు వేల సంఖ్యలో అక్టోబరు నుంచి బయటికి వచ్చాయి. మొదటి వాక్యంలో టైపింగ్ పొరపాటు జరిగిందని ఆ సహాయకుడు తర్వాత చెప్పాడు. ఆ పొరపాటు జరిగినా, ‘ఆ మెయిల్లో దేన్నీ నొక్కొద్దు, ఈ చిరునామాను మీరే టైపు చేయండి’ అని జవాబు మొదలై ఉంటే కథ వేరేగా ఉండేదేమో.

ఇక స్వరం సంగతి. నెమ్మదిగా చెప్పడమంటే మెత్తగా చెప్పడం కాదు. కొత్త నోటీసులో ‘వీలైతే’, ‘దయచేసి పరిశీలించగలరు’ లాంటివి లేవు. ‘ఇప్పుడే’ అన్న మాట ఉంది. లేనిది భయపెట్టడం. 1992లో కిమ్ విట్ అనే కమ్యూనికేషన్ పరిశోధకురాలు భయం మీద ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. ముప్పు పెద్దదని చెప్పి, దాన్ని తప్పించుకునే దారి తన చేతిలో ఉందన్న నమ్మకం కూడా కలిగిస్తే మనిషి ముప్పు మీద పనిచేస్తాడు. ముప్పును మాత్రమే చూపిస్తే ముప్పును వదిలేసి తన భయాన్ని అణుచుకునే పనిలో పడతాడు: నాకేం కాదులే అనుకుంటాడు, లేదా అసలు దాని జోలికే పోడు. ‘కోలుకోలేని నష్టం’ చదివి మెయిల్ డిలీట్ చేసిన గుమాస్తా రెండో దారి పట్టాడు.

గొంతు తగ్గించడానికి మరో కారణం పూర్తిగా ఆచరణకు సంబంధించింది. అత్యవసరం, ఆశ్చర్యార్థకాలు, చర్యలు తప్పవన్న బెదిరింపు, జతపరచిన ఫైలు తెరవమన్న ఆదేశం: ఈ నాలుగూ ఫిషింగ్ మెయిల్ లక్షణాలు. పాత నోటీసులో నాలుగూ ఉన్నాయి. ఆఫీసు తానే ఇలా రాస్తూ పోతే, ఇలా రాసేది ఆఫీసేనని సిబ్బందికి అలవాటవుతుంది. రేపు దొంగ ఇదే నోటీసును కాపీ కొట్టి, పీడీఎఫ్ స్థానంలో తన ఫైలు పెట్టి పంపితే తేడా కనిపెట్టడం ఎవరితరం? అందుకే మంచి నోటీసులో లింకు ఉండదు, అటాచ్‌మెంట్ ఉండదు. ఫోన్ నంబరు ఉంటే అది సిబ్బంది గుర్తింపు కార్డు వెనకో, గోడ మీదో ముందే అచ్చయి ఉన్న నంబరే కావాలి, సరిచూసుకోవడానికి. దొంగ మెయిల్ ఎలా ఉందో చూపించాలంటే దాని బొమ్మ చాలు. చిరునామాను తప్పనిసరిగా రాయాల్సి వస్తే నొక్కినా తెరుచుకోకుండా విరిచి రాస్తారు, ఇలా:

```
hxxps://salary-update[.]example/login
```

ఇక్కడ `http` లో అక్షరాలు మార్చారు, చుక్కను బ్రాకెట్లలో పెట్టారు. చూసేవాడికి అర్థమవుతుంది, బ్రౌజరుకు కాదు. హెచ్చరిక మెయిల్లోనే దొంగ లింకును యథాతథంగా అతికించి పంపిన ఆఫీసులో కొత్తగా నొక్కేవాళ్లు బయల్దేరతారు.

‘చర్య ఉండదు’ అన్న ఒక్క వాక్యం దగ్గర మాత్రం రాసేవాళ్లు ఆగాలి. ఆ మాట ఇచ్చే అధికారం ఐటీ విభాగానికి ఉండదు. యాజమాన్యంతోనూ హెచ్‌ఆర్‌తోనూ ముందే మాట్లాడి, వాళ్లు నిలబడతామంటేనే రాయాలి. ఒకసారి రాసి, ఫోన్ చేసిన మనిషికి మర్నాడు మెమో ఇస్తే, ఆ తర్వాతి నోటీసుకు ఒక్క ఫోనూ రాదు. వాళ్లు ఒప్పుకోకపోతే ఆ వాక్యం తీసేయాలి. బెదిరింపు వాక్యం మాత్రం ఎలాగూ ఉండకూడదు.

నోటీసు చిన్నదిగా ఉంటే జనానికి విషయం సరిగా తెలియదేమోనని భద్రతా విభాగాల బెంగ. స్విట్జర్లాండ్‌లోని ఈటీహెచ్ జూరిక్ పరిశోధకులు ఒక పెద్ద కంపెనీలో 14 వేలకు పైగా ఉద్యోగులతో 15 నెలల పాటు చేసిన అధ్యయనాన్ని 2022లో ప్రకటించారు. అనుమానపు మెయిళ్ల పైన కనిపించే హెచ్చరిక పట్టీలు పనిచేశాయి. అయితే పొట్టి హెచ్చరికకూ వివరంగా రాసిన పొడుగు హెచ్చరికకూ ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఉద్యోగులు బటన్ నొక్కి పంపే ఫిర్యాదులు కొత్త దాడుల్ని త్వరగా పట్టించడానికి బాగా అక్కరకొచ్చాయని కూడా తేలింది. నమూనాలోని ఒకటో అంశం అందుకే ఉంది. నొక్కనివాళ్లు Report phishing అంటే, నొక్కినవాళ్లెవరో వెతకడానికీ, మిగిలిన మెయిల్‌పెట్టెల్లోంచి దాన్ని తీసేయడానికీ అడ్మిన్‌కు ఆధారం దొరుకుతుంది. ఆ బటన్ లేని ఆఫీసుల్లో మెయిల్‌ను అటాచ్‌మెంట్‌గా పంపించమని అడగాలి. మామూలుగా ఫార్వర్డ్ చేస్తే అది ఎక్కడినుంచి ఏ దారిన వచ్చిందో చెప్పే హెడర్లు పోతాయి.

పంపేముందు నోటీసును పరీక్షించడానికి పది నిమిషాలు చాలు. అకౌంట్స్‌లోనో రిసెప్షన్‌లోనో ఉన్న ఒకరికి ఫోన్‌లో చూపించి, పది సెకన్ల తర్వాత తీసుకుని, ‘నువ్వు లింకు నొక్కేశావనుకో, ఇప్పుడేం చేస్తావ్?’ అని అడగాలి. ‘444కి చేస్తా’ అంటే పంపేయొచ్చు. ‘జాగ్రత్తగా ఉంటా’ అంటే మళ్లీ రాయాల్సిందే. రాసినవాళ్లే చదివి చూసుకుంటే ఈ తేడా తెలియదు, జవాబు వాళ్లకు ముందే తెలుసు కాబట్టి.

ఏ దారిలో పంపాలన్నది కూడా ఆలోచించాలి. దొంగ ఎవరి మెయిల్‌పెట్టెలోనైనా కూర్చుని ఉంటే నోటీసును అతనూ చదువుతాడు, కావాలంటే చదవనీయకుండా డిలీట్ కూడా చేస్తాడు. కాబట్టి అవే మూడు అంశాల్ని ఎస్సెమ్మెస్‌గానో విభాగాల వాట్సాప్ గ్రూపుల్లోనో పెట్టాలి. ఫోన్లు వచ్చే సమయాన్ని రాసిపెట్టుకోవడం ఇంకో అవసరానికి పనికొస్తుంది: 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ జారీ చేసిన ఆదేశాల ప్రకారం, అందులో పేర్కొన్న రకాల సైబర్ ఘటనల్ని సంస్థలు గమనించిన 6 గంటల్లో ఆ సంస్థకు తెలపాలి. ఉద్యోగి సొంత బ్యాంకు వివరాలు ఇచ్చేసి డబ్బు పోగొట్టుకుని ఉంటే అది వేరే దారి. అతను వెంటనే తన బ్యాంకుకూ, 1930 హెల్ప్‌లైన్‌కూ ఫోన్ చేయాలి. డెస్క్‌లో ఫోన్ ఎత్తేవాళ్ల ముందున్న కాగితంలో ఈ నంబరు కూడా ఉండాలి.

సాయంత్రం 4 గంటలకు రాస్తామన్న రెండో నోటీసు తప్పకుండా వెళ్లాలి, కొత్తగా తెలిసింది ఏమీ లేకపోయినా. దానికీ అదే వరుస. ఇంకా ఎవరైనా చేయాల్సింది ఉంటే అది ముందు: ‘లింకు నొక్కి ఇంకా ఫోన్ చేయనివాళ్లు రాత్రి 8 వరకు 444కి చేయొచ్చు.’ తర్వాత ఎంతమంది మెయిల్‌ను రిపోర్ట్ చేశారు, ఎంతమంది ఫోన్ చేశారు, ఎన్ని ఖాతాల లాగిన్లు రద్దు చేశారు, మెయిల్‌ను అందరి పెట్టెల్లోంచీ తీసేశారా లేదా. పేర్లు రాయరు. మొదటి ఫోన్ ఎన్ని గంటలకు వచ్చిందో రాస్తారు.